ప్రాంగ్సా, సింపుల్ మాస్కా, ఎన్‌ఆర్‌బీనా? ఎన్ని లీటర్లకు ఏది పెట్టాలి

వార్డు డ్యూటీకి కొత్తగా వచ్చినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. "ప్రాంగ్స్ మీద ఆరు లీటర్ల ఆక్సిజన్ పోతోంది, శాచురేషన్ ఇంకా 88 దగ్గరే ఉంది. ఎనిమిదికి పెంచమంటారా, మాస్క్ మార్చమంటారా?" మాస్క్ మార్చమనే చెబుతాను. వెంటనే రెండో ప్రశ్న వస్తుంది: "ఏ మాస్క్? ఎన్ని లీటర్లు?" ఈ రెండో ప్రశ్న దగ్గరే తప్పులు ఎక్కువ జరుగుతాయి. అందుకే మొత్తం వరుసగా రాస్తున్నాను. ప్రాంగ్స్ అంటే ముక్కులో పెట్టే రెండు చిన్న గొట్టాలు, ఎన్‌ఆర్‌బీ అంటే కింద సంచి వేలాడే నాన్ రీబ్రీతర్ మాస్క్, సింపుల్ మాస్క్‌కు ఆ సంచి ఉండదు. లీటర్లంటే నిమిషానికి పోయే ఆక్సిజన్, శాచురేషన్ అంటే రక్తంలో ఆక్సిజన్ ఎంత శాతం నిండిందో చెప్పే అంకె.

ఇది పెద్దవాళ్ల కోసం. పిల్లలకు, నెలల బిడ్డలకు లీటర్ల లెక్క వేరు, ఇక్కడి అంకెలు వాళ్లకు వాడకండి. ఇంట్లో పేషెంట్‌ను చూసుకుంటున్నవాళ్లు చదువుతుంటే ఒక మాట. మాస్క్ సరిగ్గా పెట్టారో లేదో చూసుకోవడానికి ఇది పనికొస్తుంది. లీటర్లు పెంచాల్సిన అవసరం వచ్చిందంటే మాత్రం అది డాక్టర్‌కు ఫోన్ చేయాల్సిన సమయమే.

ముందు ఒక్క విషయం అర్థం చేసుకోండి

మామూలుగా కూర్చున్న మనిషి గాలి లోపలికి పీల్చే క్షణంలో అది నిమిషానికి సుమారు 30 లీటర్ల వేగంతో వెళ్తుంది. ఆయాసపడుతున్న మనిషిలో ఆ వేగం 60 దాటిపోతుంది. మనం ప్రాంగ్స్‌తో ఇచ్చేది ఎంత? మహా అయితే ఆరు. మిగతాదంతా ఆయన గదిలోని గాలి నుంచి పీల్చుకుంటున్నారు. ఆ గాలిలో ఆక్సిజన్ 21 శాతమే.

అంటే ఫ్లోమీటర్ మీద అంకె మారకపోయినా, పేషెంట్ ఆయాసం పెరిగేకొద్దీ ఆయనకు నిజంగా అందే ఆక్సిజన్ శాతం తగ్గుతుంది. గది గాలి ఎక్కువగా కలిసి పలచబడిపోతుంది. ఆయాసపడేవాళ్లకు ప్రాంగ్స్ చాలకపోవడానికి కారణం ఇదే. పుస్తకాల్లో "ఇన్ని లీటర్లకు ఇంత శాతం" అని రాసేవన్నీ ప్రశాంతంగా ఊపిరి తీసుకుంటున్న మనిషికి వేసిన అంచనాలు. వాటిని అంచనాలుగానే చూడాలి.

దగ్గర ఉంచుకోవాల్సినవి

- ఆక్సిజన్ వచ్చే చోటు: గోడ పాయింట్, సిలిండర్ లేదా కాన్సంట్రేటర్
- 15 లీటర్ల వరకు చూపించే ఫ్లోమీటర్
- నేసల్ ప్రాంగ్స్, సింపుల్ మాస్క్, ఎన్‌ఆర్‌బీ మాస్క్, మూడూ. ఒక్కటే తెచ్చుకుంటే అవసరం వచ్చినప్పుడు స్టోర్‌కు పరుగెత్తాల్సి వస్తుంది.
- పల్స్ ఆక్సీమీటర్
- సెకన్ల ముల్లు ఉన్న గడియారం, ఊపిరి లెక్కపెట్టడానికి
- కేస్ షీట్, పెన్ను

1. టార్గెట్ ఎంతో ముందే తేల్చుకోండి

ఎంతకు తేవాలో తెలియకుండా ఆక్సిజన్ మొదలుపెడితే ఎక్కడ ఆపాలో తెలియదు. బ్రిటిష్ థొరాసిక్ సొసైటీ 2017 మార్గదర్శకాల ప్రకారం చాలామంది పెద్దవాళ్లకు శాచురేషన్ టార్గెట్ 94 నుంచి 98. కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయే ప్రమాదం ఉన్నవాళ్లకు 88 నుంచి 92 చాలు. సీఓపీడీ అనే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లు, ఊబకాయం వల్ల ఊపిరి సరిగ్గా ఆడనివాళ్లు, కండరాల బలహీనత వల్ల గట్టిగా ఊపిరి తీసుకోలేనివాళ్లు ఈ రెండో గుంపులోకి వస్తారు.

ఈ టార్గెట్‌ను డాక్టర్‌తో మాట్లాడి కేస్ షీట్ మీద రాయించండి. "ఆక్సిజన్ ఇవ్వండి" అని మాత్రమే రాసి ఉంటే అది పూర్తి ఆర్డర్ కాదు. ఏ మాస్క్, ఎన్ని లీటర్లు, ఎంత శాచురేషన్ కోసం అనే మూడూ ఉండాలి.

2. పేషెంట్‌ను చూసి మాస్క్ ఎంచుకోండి

ముందు ఊపిరి లెక్కపెట్టండి, పూర్తిగా ఒక నిమిషం. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణించడం నాకు నచ్చదు. ఆయాసపడేవాళ్ల ఊపిరి ఒకే తీరుగా ఉండదు, గుణించేసరికి తేడా పెద్దదవుతుంది. మామూలుగా 12 నుంచి 20 ఉండాలి. మెడ కండరాలు లాగుతున్నాయా, మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటున్నారా అని కూడా చూడండి.

ఆ తర్వాత ఇలా ఎంచుకోండి:

- శాచురేషన్ 85 కంటే తక్కువ ఉంటే: నేరుగా ఎన్‌ఆర్‌బీ, 15 లీటర్లు. ప్రాంగ్స్‌తో మొదలుపెట్టి మెట్టు మెట్టుగా ఎక్కే టైమ్ లేదు. షాక్‌లో ఉన్నవాళ్లకు, పెద్ద గాయాలైనవాళ్లకు కూడా మొదట ఇదే.
- 85 నుంచి 93 మధ్య, ప్రశాంతంగా ఉంటే: ప్రాంగ్స్, 2 నుంచి 6 లీటర్లు.
- అదే 85 నుంచి 93 మధ్య, కానీ ఆయాసం బాగా ఉంటే, లేదా ప్రాంగ్స్ చాలకపోతే: సింపుల్ మాస్క్, 5 నుంచి 10 లీటర్లు.
- 88–92 టార్గెట్ ఉన్నవాళ్లకు: ఆక్సిజన్ శాతాన్ని ఒకే తీరుగా ఉంచే వెంచురీ మాస్క్, 24 లేదా 28 శాతంది మంచిది. అది లేకపోతే ప్రాంగ్స్‌తో 1 లేదా 2 లీటర్లు.

ఊపిరే తీసుకోనివాళ్లకు, లేదా ఎప్పుడో ఒకసారి ఎగబీల్చేవాళ్లకు ఇవేవీ పనిచేయవు. మాస్క్ గాలిని లోపలికి నెట్టదు, పేషెంటే పీల్చుకోవాలి. అలాంటప్పుడు చేత్తో నొక్కి గాలిని లోపలికి పంపే ఆంబూ బ్యాగ్ తీసుకుని సాయానికి కేకేయండి.

3. ఫ్లోమీటర్ సరిచూసుకోండి

పాయింట్ ఆక్సిజన్‌దేనా? పక్కపక్కనే మెడికల్ ఎయిర్ పాయింట్ కూడా ఉంటుంది. దాని ఫ్లోమీటర్ చూడ్డానికి ఇలాగే ఉంటుంది. హడావిడిలో ట్యూబ్ దానికి తగిలించడం నిజంగా జరిగే తప్పే, ప్రాణం మీదికి తెస్తుంది కూడా. గాలి వస్తుంది, శబ్దం వస్తుంది, బ్యాగ్ కూడా నిండుతుంది, శాచురేషన్ మాత్రం కదలదు. పేరు చదివాకే ట్యూబ్ తగిలించండి.

ఫ్లోమీటర్ గాజు గొట్టం నిటారుగా ఉండాలి. వాలి ఉంటే అంకె తప్పు చూపిస్తుంది. లోపలి చిన్న బంతి మధ్యభాగం ఏ గీత దగ్గర ఉందో అదే లెక్క, బంతి పైభాగం కాదు. కంటిని బంతి ఎత్తుకు తెచ్చి చూడండి. నిలబడి పైనుంచి చూస్తే గీత మారిపోతుంది.

4. ప్రాంగ్స్ పెడితే

రెండు చిన్న గొట్టాలు కొద్దిగా వంపు తిరిగి ఉంటాయి. ఆ వంపు ముక్కు లోపలి వంపుతో కలిసేలా, కిందికి వెనక్కి తిరిగి ఉండాలి. తిరగేసి పెడితే గాలి ముక్కు పైగోడకు తగిలి మంట పుడుతుంది, పేషెంట్ తీసి పక్కన పడేస్తారు. తర్వాత ట్యూబ్‌ను చెవుల మీదుగా తెచ్చి గడ్డం కింద బిగించండి. బిగువు ఎంతంటే, మధ్యలో ఒక వేలు సులువుగా దూరాలి.

ఒక లీటర్‌కు దాదాపు 24 శాతం, ఆ పైన ప్రతి లీటర్‌కు ఇంచుమించు 4 శాతం కలుపుకుంటూ పోతే ఆరు లీటర్లకు సుమారు 44 శాతం. ఆరు దాటాక పెంచినా లాభం అంతంత మాత్రమే, ముక్కు మాత్రం ఎండిపోయి రక్తం కారుతుంది. పైన అడిగిన "ఎనిమిదికి పెంచనా" అన్న ప్రశ్నకు ఇదే జవాబు.

"ఈయన నోటితో ఊపిరి తీసుకుంటున్నారు, ప్రాంగ్స్ దండగ కదా" అని చాలామంది అంటారు. దండగ కాదు. ముక్కు వెనుక ఖాళీలో ఆక్సిజన్ నిండుతుంది, నోటితో పీల్చినా అక్కడి నుంచి కొంత లోపలికి పోతుంది. ముక్కు పూర్తిగా మూసుకుపోయి ఉంటేనే మాస్క్‌కు మారండి.

నాలుగు లీటర్లు దాటితే హ్యుమిడిఫైయర్ బాటిల్ పెట్టండి. అందులో స్టెరైల్ నీళ్లు రెండు గీతల మధ్య ఉండాలి. మూత సరిగ్గా బిగిసిందో లేదో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. పేషెంట్ ముక్కు నుంచి ప్రాంగ్స్ ఒక్క క్షణం తీసి, ట్యూబ్‌ను వేళ్లతో నొక్కి పట్టుకోండి. బుడగలు ఆగిపోయి, కాసేపటికి బాటిల్ సేఫ్టీ వాల్వ్ నుంచి ఈల వినిపిస్తే బాటిల్ బాగున్నట్టు. ట్యూబ్ నొక్కినా ఈల రాకపోతే గాలి మూత దగ్గరే బయటికి పోతోంది. ముక్కు ఎండిపోతోందని వాజెలిన్ లాంటి జిడ్డు రాయకండి. ఆక్సిజన్ ఉన్నచోట దానికి నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. నీటితో చేసిన జెల్లీ వాడండి.

5. సింపుల్ మాస్క్ పెడితే

దీని గురించి గుర్తుంచుకోవాల్సింది ఒకటే: ఐదు లీటర్లకు తగ్గించకూడదు. మాస్క్ లోపల కొంత ఖాళీ ఉంటుంది. పేషెంట్ వదిలిన గాలి అందులో నిలిచిపోతుంది. పై నుంచి వచ్చే ఆక్సిజన్ దాన్ని పక్క రంధ్రాల్లోంచి బయటికి తోసేయాలి. తోసే వేగం చాలకపోతే తాను వదిలిన కార్బన్ డయాక్సైడ్‌నే మళ్లీ పీల్చుకుంటారు.

నేను కొత్తగా పనిచేసే రోజుల్లో ఇది కళ్లారా చూశాను. ఒక పెద్దాయన కోలుకుంటున్నారు, రాత్రి డ్యూటీలో ఎవరో లీటర్లు తగ్గించారు. మాస్క్ మార్చకుండా సింపుల్ మాస్క్ మీదే రెండు లీటర్లకు తెచ్చారు. పొద్దున నేను వెళ్లేసరికి శాచురేషన్ 95 చూపిస్తోంది. "బాగా నిద్రపోయారు" అని అప్పగించారు. లేపితే తలనొప్పి అన్నారు, చేతులు వెచ్చగా ఉన్నాయి, మాట పూర్తికాకముందే మళ్లీ కళ్లు మూసుకుంటున్నారు. అది నిద్ర కాదు, కార్బన్ డయాక్సైడ్ మత్తు. మాస్క్ తీసి ప్రాంగ్స్ మీద అదే రెండు లీటర్లు పెట్టి డాక్టర్‌ను పిలిచాం. కాసేపటికి తేరుకున్నారు. శాచురేషన్ అంకె ఆక్సిజన్ గురించే చెబుతుంది. కార్బన్ డయాక్సైడ్ గురించి అది ఒక్క ముక్క చెప్పదు.

ఐదు నుంచి పది లీటర్ల మధ్య ఈ మాస్క్ సుమారు 40 నుంచి 60 శాతం దాకా ఇస్తుంది. ముక్కు మీది లోహపు పట్టీని నొక్కి ముక్కు ఆకారానికి సరిచేయండి. లేకపోతే ఆక్సిజన్ కళ్లలోకి కొడుతుంది, కళ్లు ఎర్రబడతాయి. వాంతి వచ్చేలా ఉన్నవాళ్లకు, మత్తులో ఉన్నవాళ్లకు మాస్క్ పెట్టి వదిలేసి వెళ్లకండి. వాంతి మాస్క్‌లోనే నిలిచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

6. ఎన్‌ఆర్‌బీ పెడితే

తొందర ఎక్కువ ఉన్నప్పుడే ఇది పెడతాం, అందుకే దీంట్లో తప్పులూ ఎక్కువే. నిదానంగా చదవండి.

మాస్క్ కింద ఒక ప్లాస్టిక్ సంచి వేలాడుతుంది, అదే రిజర్వాయర్ బ్యాగ్. సంచికి, మాస్క్‌కు మధ్య పలచని రబ్బరు రెక్క ఒకటి ఉంటుంది. సంచిలోని ఆక్సిజన్ మాస్క్‌లోకి వస్తుంది కానీ, వదిలిన గాలి సంచిలోకి పోదు. మాస్క్ పక్కన రంధ్రాల మీద ఇంకో రెక్క ఉంటుంది, వదిలిన గాలిని బయటికి పంపుతుంది, గది గాలిని లోపలికి రానివ్వదు. కొన్ని మాస్కులకు ఒక పక్కే రెక్క ఉంటుంది, రెండో పక్క తెరిచే ఉంటుంది. పొరపాటున ఆక్సిజన్ ఆగిపోతే ఊపిరాడకుండా పోకూడదని అలా కావాలనే వదులుతారు. దాన్ని టేపుతో మూసేయకండి.

పెట్టే వరుస ఇది:

అ) ముందు ట్యూబ్ తగిలించి ఫ్లో 15 లీటర్లకు తిప్పండి. దీనికి బుడగల బాటిల్ వద్దు, ట్యూబ్ నేరుగా ఫ్లోమీటర్‌కే.

ఆ) మాస్క్‌ను చేతిలో పట్టుకుని, లోపలి వైపు నుంచి సంచి పైన ఉన్న రెక్కను బొటనవేలితో మూసి ఉంచండి. కొన్ని సెకన్లలో సంచి ఉబ్బి బిగుసుకుంటుంది.

ఇ) సంచి నిండాకే మొహానికి పెట్టండి. ఖాళీ సంచితో పెడితే ఆయాసంలో ఉన్న మనిషి పీల్చడానికి గాలి చాలక, ఉక్కిరిబిక్కిరై మాస్క్ లాగేస్తారు. "పేషెంట్ మాస్క్ ఉంచుకోవట్లేదు" అని ఫిర్యాదు చేస్తే నేను ముందు అడిగేది ఇదే: సంచి నింపారా?

ఈ) ముక్కు పట్టీ నొక్కి, ఎలాస్టిక్ లాగి సరిచేయండి. సంచి మెలిపడకుండా, గడ్డం కిందో దుప్పటి కిందో నలగకుండా ఛాతీ మీద ఫ్రీగా ఉండాలి.

ఉ) ఇప్పుడు పది ఊపిర్లు సంచినే చూడండి. పీల్చినప్పుడు కొద్దిగా తగ్గి, వదిలినప్పుడు మళ్లీ నిండాలి. అలా ఉంటే అంతా బాగున్నట్టే.

పీల్చినప్పుడల్లా సంచి సగానికి పైగా నలిగిపోతుంటే ఫ్లో చాలట్లేదు, పెంచండి. 15 మీద కూడా నలిగిపోతుంటే పేషెంట్ పీల్చే వేగం ఈ మాస్క్ పరిధి దాటింది, డాక్టర్‌ను వెంటనే పిలవాలి. ఇంకొకటి చాలామంది పట్టించుకోరు. సంచి అసలు కదలకుండా బిగుసుకునే ఉంటే అది మంచి గుర్తు కాదు. మాస్క్ మొహానికి అతుక్కోలేదు, పక్కల నుంచి గది గాలి పీల్చుకుంటున్నారు, లేదా రెక్క అంటుకుపోయింది. అంటే నిండు సంచి మెడలో వేలాడుతుండగానే పేషెంట్‌కు ఆక్సిజన్ అందట్లేదు.

పది లీటర్ల కంటే తగ్గించకూడదు. ఐదు లీటర్ల కాన్సంట్రేటర్‌కు ఎన్‌ఆర్‌బీ తగిలించి పెట్టడం చాలాచోట్ల చూస్తుంటాం. ఆ సంచి ఎప్పటికీ నిండదు. ఆ మెషిన్‌కు ప్రాంగ్సే సరి.

సరిగ్గా అమరితే ఎన్‌ఆర్‌బీ 60 నుంచి 90 శాతం దాకా ఇస్తుంది. వదులుగా పెడితే ఆ లెక్కంతా పోతుంది, సింపుల్ మాస్క్ ఇచ్చేంత కూడా రాకపోవచ్చు.

7. ఐదు నిమిషాలు ఆగి చూడండి

ఏ మార్పు చేసినా దాని ఫలితం తెలియడానికి సుమారు ఐదు నిమిషాలు పడుతుంది. నిమిషానికోసారి నాబ్ తిప్పుతూ పోతే ఏది పనిచేసిందో మీకే తెలియదు. కేస్ షీట్‌లో నాలుగు రాయండి: ఏ మాస్క్, ఎన్ని లీటర్లు, శాచురేషన్ ఎంత, నిమిషానికి ఊపిరి ఎన్ని. శాచురేషన్ ఒక్కటే రాస్తే అందులో సగం సమాచారం లేదు. 95 అని ఉంది, ప్రాంగ్స్ రెండు లీటర్ల మీదా, ఎన్‌ఆర్‌బీ 15 మీదా? రెండింటికీ తేడా చాలా ఉంది.

ఆక్సీమీటర్ అంకెను నమ్మే ముందు అది చూపించే పల్స్‌ను మణికట్టు దగ్గర మీరు పట్టి చూసిన పల్స్‌తో పోల్చండి. రెండూ కలవకపోతే ఆ శాచురేషన్ కూడా నమ్మదగినది కాదు. చల్లబడిన వేళ్లు, నెయిల్ పాలిష్, వణుకు అంకెను చెడగొడతాయి. వేళ్లు రుద్ది వేడి చేసి చూడండి, లేదా వేరే వేలికి మార్చండి. చర్మం బాగా నలుపుగా ఉన్నవాళ్లలో అసలు కంటే కొంచెం ఎక్కువ చూపించవచ్చు. పొగలో చిక్కుకుని వచ్చినవాళ్లలో ఈ అంకెను అసలు నమ్మకండి. కార్బన్ మోనాక్సైడ్‌ను కూడా ఇది ఆక్సిజన్ అనుకుని బాగానే ఉన్నట్టు చూపిస్తుంది. వాళ్లకు అంకెతో పని లేకుండా ఎన్‌ఆర్‌బీ 15 లీటర్లే.

ఒక కేసు మొదటి నుంచి చూద్దాం

62 ఏళ్ల మనిషి, న్యుమోనియా, పాత ఊపిరితిత్తుల జబ్బేమీ లేదు. గది గాలి మీద శాచురేషన్ 87, ఊపిరి నిమిషానికి 28. టార్గెట్ 94–98 అని రాయించాం.

85 కంటే తగ్గలేదు, మాట్లాడుతున్నారు. కాబట్టి ప్రాంగ్స్ నాలుగు లీటర్లు. ఐదు నిమిషాలకు 91, ఊపిరి 28. ఆరుకు పెంచాం. ఇంకో ఐదు నిమిషాలకు 92, ఊపిరి 30. ప్రాంగ్స్ చివరి మెట్టు ఎక్కేశాం, టార్గెట్ రాలేదు, ఊపిరి పెరుగుతోంది. సింపుల్ మాస్క్‌కు మార్చి ఎనిమిది లీటర్లు పెట్టాం. 95 వచ్చింది, ఊపిరి 26కు దిగింది. టార్గెట్‌లోకి వచ్చారు, ఊపిరి కూడా నెమ్మదించింది. ఇక్కడ ఆగాం. డాక్టర్‌కు చెప్పాం. ప్రాంగ్స్ నుంచి మాస్క్‌కు ఎక్కడమే చెప్పాల్సిన విషయం.

రాత్రి రెండింటికి శాచురేషన్ 89, ఊపిరి 36. ఒక్కో మాటకు ఆగుతున్నారు. ముందు పేషెంట్ దగ్గర మొదలుపెట్టి గోడ దాకా ట్యూబ్ చేత్తో తడుముతూ వెళ్లాం. మాస్క్ సరిగ్గానే ఉంది, ట్యూబ్ ఎక్కడా నలగలేదు, బంతి ఎనిమిది దగ్గరే ఉంది. అంటే సామానులో లోపం లేదు, పేషెంట్‌కే తగ్గుతోంది. సంచి నింపి ఎన్‌ఆర్‌బీ 15 లీటర్లు పెట్టి, అదే నిమిషంలో ఇంకొకరితో డాక్టర్‌కు ఫోన్ చేయించాం.

ఐదు నిమిషాలకు 95 వచ్చింది. ఊపిరి ఇంకా 34. ఇక్కడే అందరూ ఊపిరి పీల్చుకుని కుర్చీలో కూర్చుంటారు, అంకె బాగుంది కదా అని. కూర్చోకండి. ఈయన ఇప్పుడు మన దగ్గరున్న చివరి మాస్క్ మీద ఉన్నారు. నిమిషానికి 34 సార్లు కష్టపడి ఆ 95ను నిలబెట్టుకుంటున్నారు. కండరాలు అలసిపోయిన క్షణాన అంకె ఒక్కసారిగా పడిపోతుంది. ఎన్‌ఆర్‌బీ మీద టార్గెట్ వచ్చినా ఊపిరి 30కి పైనే ఉంటే ఆ పేషెంట్‌కు హై ఫ్లో మెషిన్ గానీ, ఐసీయూ గానీ కావాలి. ఎన్‌ఆర్‌బీ అక్కడికి చేర్చేదాకా పట్టి ఉంచేదే, దాని మీద రాత్రంతా వదిలేసేది కాదు. ఈ కేసులో ఐసీయూకు పంపాలి.

అంకె ఒక్కసారి పడిపోతే ఎక్కడ వెతకాలి

పైన చెప్పినట్టు పేషెంట్ నుంచి గోడ వైపు వెళ్లండి. ఎక్కువగా దొరికేవి ఇవి: మంచం రెయిలింగ్ కిందో చక్రం కిందో నలిగిన ట్యూబ్, స్కాన్‌కు వెళ్లివచ్చాక సిలిండర్‌కే తగిలించి వదిలేసిన ట్యూబ్, బాటిల్ మూత వదులు, నుదుటి మీదికి ఎక్కిన మాస్క్. భోజనం వేళ ఇంకొకటి జరుగుతుంది. తినడానికి మాస్క్ తీసి పక్కన పెడతారు, అది పావుగంట అవుతుంది. తినేంతసేపు ప్రాంగ్స్ పెట్టి, వేలికి ఆక్సీమీటర్ ఉంచి చూడండి. అలా కూడా పడిపోతుంటే ఆయన ఇంకా నోటితో తినే స్థితిలో లేరు, డాక్టర్‌తో మాట్లాడాలి.

సీఓపీడీ ఉన్నవాళ్లకు ఎక్కువైపోతే

88–92 టార్గెట్ ఉన్న మనిషి ఎన్‌ఆర్‌బీ మీద 99తో మగతగా కనిపిస్తే ఆక్సిజన్ ఎక్కువైంది. కంగారులో మాస్క్ మొత్తం తీసేయకండి. ఒక్కసారి ఆపితే శాచురేషన్ మొదట ఉన్నదానికంటే కిందికి పడిపోతుంది, ఎక్కువ ఆక్సిజన్ కంటే అది ప్రమాదం. 28 శాతం వెంచురీకి గానీ, ప్రాంగ్స్ ఒకటి రెండు లీటర్లకు గానీ మార్చి, పక్కనే నిలబడి చూస్తూ, రక్తంలో వాయువుల పరీక్ష కోసం డాక్టర్‌ను పిలవండి. అలాగని సీఓపీడీ అనగానే భయపడి 80 శాచురేషన్ మీద రెండు లీటర్లతో వదిలేయడం కూడా అంతే తప్పు. ముందు బతికించాలి, ఎన్‌ఆర్‌బీ పెట్టండి. 88 దాటగానే తగ్గించండి.

సిలిండర్ మీద తరలిస్తుంటే

సిలిండర్ నీటి సామర్థ్యాన్ని గేజ్ మీది బార్ అంకెతో గుణిస్తే ఉన్న ఆక్సిజన్ లీటర్లలో వస్తుంది. పది లీటర్ల సిలిండర్, గేజ్ 120 బార్ అనుకుందాం. 1200 లీటర్లు. ఎన్‌ఆర్‌బీ 15 మీద 80 నిమిషాలు వస్తుంది, పావు వంతు పక్కన పెడితే 60 నిమిషాలే మీ చేతిలో ఉన్నట్టు. అదే సిలిండర్ ప్రాంగ్స్ రెండు లీటర్ల మీద 600 నిమిషాలు, అంటే పది గంటలు. బయల్దేరే ముందు లెక్క వేయండి, లిఫ్ట్‌లో కాదు. వాల్వ్‌ను నూనె చేతులతో ముట్టుకోవద్దు, దగ్గర్లో ఎవరూ పొగ తాగకూడదు.

8. తగ్గించేటప్పుడు

టార్గెట్ అందుకుని, ఊపిరి నెమ్మదించి, కొన్ని గంటలుగా స్థిరంగా ఉన్నవాళ్లకే తగ్గించడం మొదలుపెట్టండి. మెట్లు ఎక్కిన దారిలోనే దిగాలి. ప్రతి మెట్టు దగ్గరా ఆ మాస్క్ కనీస లీటర్లు గుర్తుంచుకోండి. ఎన్‌ఆర్‌బీ పదికి వచ్చిందా, ఇక సింపుల్ మాస్క్‌కు మారాలి. సింపుల్ మాస్క్ ఐదుకు వచ్చిందా, ప్రాంగ్స్ నాలుగుకు మారాలి. నాలుగు నుంచి రెండు, రెండు నుంచి ఒకటి.

పైన చెప్పిన మనిషి ఐసీయూ నుంచి సింపుల్ మాస్క్ ఆరు లీటర్ల మీద తిరిగి వచ్చారనుకోండి. శాచురేషన్ 97, ఊపిరి 20. ప్రాంగ్స్ నాలుగుకు మార్చి ఐదు నిమిషాలు చూస్తాం, 96. మధ్యాహ్నానికి రెండు లీటర్లు, 95. మర్నాడు ఒక లీటర్ మీద వరుసగా రెండుసార్లు చూసినా 95 ఉంటే ఆపి చూడొచ్చు. ఆపాక ఐదు నిమిషాలు పక్కనే ఉండండి. గంట తర్వాత మళ్లీ చూడండి, ఈసారి బాత్రూమ్‌కు నడిచి వచ్చాక కూడా ఒకసారి చూడండి. మంచం మీద 95 ఉన్న మనిషి పది అడుగులు వేసేసరికి 88కి పడిపోతే ఆ ఒక్క లీటర్ ఇంకా కావాలి. ప్రాంగ్స్ పారేయకుండా మంచం దగ్గరే ఉంచండి.